మా పద్నాలుగు మందికి ఏం పంపమంటారు?

నేను రాసిన మొదటి ఉత్తరం నాలుగు లైన్లు. ఏడో తరగతి పిల్లలకు చదవడం మీద ఆసక్తి లేదు, వాళ్లకు తగిన మంచి పుస్తకాల జాబితా పంపగలరు అని. మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయానికి మా అటెండరు చేతికిచ్చి పంపాను. వారం తిరిగేలోపే జాబితా వచ్చింది. నీతి కథలు, మహనీయుల జీవితాలు, శతకాలు. వంక పెట్టడానికేమీ లేదు. పుస్తకాలు తెచ్చి తరగతిలో బల్ల మీద పేర్చాను. నెల తర్వాత చూస్తే అట్టలు కొత్తగానే ఉన్నాయి.

తిరిగివ్వడానికి నేనే వెళ్లాను. గ్రంథపాలకురాలు ఒక్కో పుస్తకాన్నీ రిజిస్టరులో కొట్టేస్తూ, తలెత్తకుండానే అడిగారు.

‘‘మాస్టారూ, మీరు తరగతి రాశారు గానీ పిల్లల్ని రాయలేదు. మీ వాళ్లు చదవలేరా, చదవరా?’’

పదహారేళ్లుగా తెలుగు చెబుతున్నాను. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. అప్పటిదాకా నా దృష్టిలో రెండూ ఒకటే. పుస్తకం తెరవని పిల్లవాడికి ఆసక్తి లేదనుకునేవాణ్ణి, అంతే. నిజానికి చదవగలిగీ ముట్టని పిల్లవాడికి కావలసింది వాడికి నచ్చే విషయం. అక్షరాల దగ్గరే కాలు జారే పిల్లవాడికి కావలసింది ఎక్కగలిగిన మెట్టు. వీడి పుస్తకం వాడికిస్తే ఇద్దరూ పారిపోతారు.

తేల్చుకోవడానికి ఆవిడ చెప్పిన పద్ధతి సులువైనదే. పిల్లవాడు ముందెప్పుడూ చూడని భాగం ఒకటి, సుమారు 100 మాటలది, పైకి చదివించాలి. తప్పు చదివిన మాట, వదిలేసిన మాట, మనం అందించాల్సి వచ్చిన మాట, వీటిని తప్పులుగా లెక్కించాలి. తడబడి తనే సరిదిద్దుకుంటే తప్పు కింద రాయకూడదు. అయిదులోపు తప్పులైతే ఆ పుస్తకం వాడు ఒంటరిగా చదువుకోగలడు. ఆరు నుంచి పది దాకా అయితే పక్కన ఎవరైనా ఉండాలి. పది దాటితే అది చదువు కాదు, కూలి పని. ఇంగ్లిషు బోధనలో పుట్టిన ఈ కొలతను తెలుగుకు గీత గీసినట్టు వర్తింపజేయలేం, గురికి మాత్రం పనికొస్తుంది. చదివాక పుస్తకం మూసి, ఏం జరిగిందో చెప్పమనాలి. ఈ రెండో భాగాన్ని వదిలేస్తే మోసపోతాం. గడగడా చదివేసి, కథలో ఎవరున్నారంటే బిక్కమొహం వేసేవాళ్లు మా తరగతిలో ఇద్దరు దొరికారు.

ఆటల పీరియడ్‌లో ఒక్కొక్కరినీ వరండా చివరికి పిలిచాను. తరగతి ముందు నిలబెట్టి చదివిస్తే భయాన్ని కొలుస్తాం, చదువును కాదు. 31 మందికి నాలుగు రోజులు పట్టింది.

ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. పదమూడేళ్లవాడు. వాళ్ల మామయ్యకు ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుంది. ఇంజిను చప్పుడు విని ఏ భాగం అరిగిందో చెబుతాడు. ఏడో తరగతి వాచకంలో 100 మాటలకు 16 తప్పులు చదివాడు. ఎక్కడెక్కడ అని చూస్తే 11 తప్పులు ఒత్తుల దగ్గర, మూడు బాగా పొడుగు మాటల దగ్గర. మిగిలిన రెండూ లైను మారేటప్పుడు వదిలేసినవి. ‘అమ్మ’, ‘ఎద్దు’, ‘గుర్రం’ హాయిగా చదివాడు. ‘భక్తి’ దగ్గర ఆగాడు. ‘రాష్ట్రం’ను రాటం అని దాటేశాడు. మూడో తరగతి వాచకం ఇస్తే అయిదు తప్పులే వచ్చాయి. కానీ బొమ్మలోని కుందేలును చూసి, ‘‘ఇది మా చెల్లి పుస్తకం సార్’’ అని నెమ్మదిగా పక్కకు తోశాడు.

తెలుగులో మెట్లు ఎక్కడుంటాయో వాడి తప్పులే చూపించాయి. ఒకే హల్లు రెండుసార్లు వచ్చే ద్విత్వం తేలిక, చెవికి ముందే తెలుసు. వేరే హల్లు ఒత్తుగా వచ్చే సంయుక్తం కష్టం. ఎందుకంటే త, న, మ, య, ర, ల ఒత్తులు తల్లి అక్షరాన్ని పోలి ఉండవు. వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. మూడు హల్లులు కలిసే సంశ్లేషం, ‘వస్త్రం’లో లాంటిది, ఇంకా పై మెట్టు. పొడుగు మాటలది మరో గొడవ. ‘చూడకపోయినప్పటికీ’ అనేది మనకు ఒకే మాట. అదే సంగతి చెప్పడానికి ఇంగ్లిషుకు నాలుగైదు మాటలు కావాలి. అందుకే పేజీకి ఇన్ని మాటలు, వాక్యానికి ఇన్ని మాటలు అనే లెక్క తెలుగులో తరచు తప్పుదోవ పట్టిస్తుంది. మూడు మాటల వాక్యం కూడా పిల్లవాణ్ణి బోర్లా పడేయగలదు.

ఇవన్నీ దగ్గర పెట్టుకుని రెండో ఉత్తరం రాశాను. దాన్నిక్కడ ఇస్తున్నాను.

‘గౌరవనీయులైన గ్రంథపాలకురాలు గారికి నమస్కారాలు.

మా ఏడో తరగతిలో పద్నాలుగు మందికి పుస్తకాలు కావాలి. అందరూ పన్నెండు, పదమూడేళ్లవాళ్లు.

అయిదుగురు తడబడకుండా చదువుతారు, చదివింది చెబుతారు, వాచకం తప్ప ఇంకేదీ ముట్టరు. ఇద్దరికి క్రికెట్టు, ఒకడికి పాములు, ఒకమ్మాయికి దెయ్యాల కథలు ఇష్టం. అయిదో వాడికి ఏమిష్టమో ఇంకా పట్టుకోలేకపోయాను. వీళ్లకు విషయం కుదిరితే చాలు, భాష గురించి బెంగ లేదు.

ఆరుగురు ద్విత్వాలు చదువుతారు, సంయుక్తాల దగ్గర ఆగిపోతారు. మూడో తరగతి స్థాయి భాష సరిపోతుంది గానీ, ఆ వయసు కథలిస్తే చిన్నతనంగా భావిస్తారు. ఒకడికి యంత్రాలంటే ప్రాణం. పెద్ద అక్షరాలు, పేజీకి అయిదారు వాక్యాలు, బొమ్మలు ఉండాలి. అట్ట మీద చిన్నారులనే మాట, తరగతి అంకె ఉండకూడదు.

ముగ్గురు గుణింతాల దగ్గరే ఉన్నారు. వీళ్లకు నేను చదివి వినిపించడానికి కొన్ని, మాటలు తక్కువున్న బొమ్మల పుస్తకాలు కొన్ని కావాలి.

ఒక్కో గుంపుకు ఆరేడు పుస్తకాలు, పై మెట్టువి రెండు చాలు. ఒకే పుస్తకం రెండు కాపీలుంటే ఇద్దరు కలిసి చదువుకుంటారు. పదిహేను రోజులకోసారి మార్చుకుంటాం. ఎవరైనా మధ్యలో వదిలేస్తే ఆ పేజీలో చీటీ పెట్టి పంపుతాం.

ఇట్లు, తెలుగు ఉపాధ్యాయుడు.’

ఈసారి జాబితా రావడానికి మూడు వారాలు పట్టింది. ఆవిడ ప్రతి పుస్తకం మధ్యలో ఒక పేజీ తెరిచి ఒత్తులు చూశారట. గుణింతాల పిల్లలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ నుంచి కథలు ఎంచారు. 2015లో మొదలైన ఆ వేదికలో కథలు నాలుగు మెట్లుగా ఉంటాయి, ఉచితంగా దించుకుని అచ్చు వేసుకోవచ్చు. మొదటి మెట్టు కథ 250 మాటలు దాటదు. కానీ అనువాద కథలకు ఆ మెట్టును నమ్మలేమన్నారు. మూలంలో సులువుగా ఉన్న మాట తెలుగులోకి వచ్చేసరికి రెండు ఒత్తులు తగిలించుకుని కూర్చుంటుంది. అలాంటి కథలను ఒక మెట్టు పైకి జరిపారు.

చదవగలిగీ చదవని అయిదుగురికి రాసినవాటిలో ‘రైలుబడి’ ఉంది. టెట్సుకో కురొయనాగి తన టోక్యో బడి గురించి రాసిన ‘తొత్తోచాన్’కు తెలుగు. పాత రైలు పెట్టెల్లో నడిచే బడి కథ. అధ్యాయాలు రెండు మూడు పేజీల్లో అయిపోతాయి. చదవని అలవాటున్నవాడికి ముగింపు త్వరగా కనబడటం పెద్ద ఊరట.

నన్ను ఆశ్చర్యపరిచింది మధ్య గుంపు జాబితా. అందులో ‘చందమామ’ పాత బైండు సంపుటాలున్నాయి, పక్కన బేతాళ కథలు మాత్రమే అని రాసి ఉంది. 1947 జులైలో మొదలైన పత్రిక, ఈ తరానికి పేరు కూడా తెలియదు. పైగా విక్రమార్కుడనే పేరులోనే రెండు సంయుక్తాలు! ఫోను చేసి అడిగితే ఆవిడ నవ్వారు.

‘‘మొదటి పేరా చూడండి మాస్టారూ. నెలనెలా అదే. చివరి మాటలూ అవే. మొదటి కథకు కష్టపడతాడు. నాలుగో కథకు కళ్లు మూసుకుని దాటేస్తాడు. కష్టమైన మాటలు పదేపదే కనబడే చోటు మీ వాచకంలో ఎక్కడుంది?’’

నిజమే. పైగా రాజు, శవం, శ్మశానం. దీన్ని చెల్లి పుస్తకం అని ఎవడూ అనడు.

తర్వాత అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. మెట్టు తెలియడానికి అట్టల మీద రంగు చుక్కలు అతికించాను. వారంలో అవి కులం పేర్లలా తయారయ్యాయి. ఎర్ర చుక్క పుస్తకాన్ని ఒకడు చొక్కా లోపల దాచుకుని వెళ్లడం చూసి చుక్కలన్నీ పీకేశాను. ఇప్పుడు వెనక అట్ట లోపల పెన్సిలుతో చిన్న గీత ఉంటుంది, నాకూ ఆవిడకూ మాత్రమే అర్థమవుతుంది. పై మెట్టు పుస్తకం ఎవరడిగినా కాదనకూడదని కూడా అనుకున్నాం. పాముల పుస్తకం గుణింతాల పిల్లవాడు తీసుకెళ్లాడు. బొమ్మలు చూశాడు, బొమ్మల కింద పేర్లు కూడబలుక్కున్నాడు, అంతే. అదీ చదవడమేనని ఆవిడ వాదన. నాకు సగమే ఒప్పుదల.

అన్నిటికన్నా ఉపయోగపడ్డవి చీటీలు. తిరిగొచ్చిన పుస్తకాల్లో చాలా చీటీలు మూడో, నాలుగో పేజీలోనే ఉన్నాయి. ఒక పుస్తకంలో ముగ్గురి చీటీలూ ఒకే పేజీలో దొరికాయి. తెరిచి చూస్తే ఆ పేజీలో బొమ్మ లేదు, పేరా విడగొట్టకుండా పేజీ అంతా నింపేశారు. భాష తేలికే, చూడగానే భయమేసే పేజీ. జాబితాలో ఆ పుస్తకం పక్కన ఆవిడ ‘పేజీ 4 మాస్టారు చదివి వినిపించాలి’ అని రాశారు. ఇప్పుడు అక్కడ చీటీలు పడటం లేదు.

యంత్రాల పిల్లవాడికి మాత్రం జాబితాలో పుస్తకం దొరకలేదు. మూడో తరగతి తెలుగులో, పదమూడేళ్లవాడు సిగ్గుపడకుండా పట్టుకోగలిగిన ఇంజిన్ల పుస్తకం ఆ గ్రంథాలయంలో లేదు. ఆ గడిని ఆవిడ ఖాళీగా వదిలేశారు. వాడు షెడ్డులో చెప్పిన సంగతులు నేను రాసుకుని, పేజీకి అయిదు వాక్యాల చొప్పున పన్నెండు పేజీలు చేశాను. ‘క్లచ్’, ‘పిస్టన్’ అలాగే ఉంచాను. ఒత్తులున్నా ఆ మాటలు వాడు తడుముకోకుండా చదివాడు. బొమ్మలు వాడే వేశాడు. కుట్టి ఆవిడకు పంపితే, రిజిస్టరులో నంబరు వేయడానికి నిబంధనలు ఒప్పుకోవని కబురొచ్చింది. బల్ల మీద పెట్టానని, ఇద్దరు తీసుకెళ్లారని కూడా అదే కబురులో ఉంది.