రూపాయికి పావలా అంటే ఎంత శాతం?

ఓ బట్టల కొట్టు ఉందనుకుందాం. సెప్టెంబర్ 30 రాత్రి షార్ట్ సర్క్యూట్ అయింది. దసరాకని తెప్పించిన సరుకంతా కాలిపోయింది. బీమా ఉంది కాబట్టి కంపెనీ తరఫున సర్వేయరు వచ్చాడు, వెంట లెక్కలు రాసుకునే కుర్రాడొకడు. కాలిన సరుకు విలువ తేల్చాలి. లెక్కపెడదామంటే అరల్లో బూడిద తప్ప ఏమీ లేదు.

"లాభం ఎంత వేసుకుంటారండీ?" అనడిగాడు సర్వేయరు.

"రూపాయికి పావలా అండీ. మా నాన్నగారి రోజుల నుంచీ అదే."

కుర్రాడు కాగితం మీద 25 శాతం అని రాసుకున్నాడు. యజమాని అబద్ధమాడలేదు, కుర్రాడు తప్పుగా వినలేదు. అయినా ఆ కాగితం మీద లక్ష రూపాయల పొరపాటు అప్పుడే చేరిపోయింది.

ఒక తక్కెడ, రెండు ఖాళీలు

సరుకు కాలినా కొన్ని అంకెలు మిగులుతాయి. ఏప్రిల్ 1 నాటికి కొట్లో ఉన్న సరుకు 6,00,000 రూపాయలు. పోయిన ఏడాది ముగింపు లెక్కల కాపీ ఆడిటరు దగ్గర ఉంది. ఆ తర్వాత ఆరు నెలల్లో కొన్న సరుకు 15,00,000. సరఫరాదారుల బిల్లులు, జీఎస్టీ రిటర్నులు చూస్తే తెలుస్తుంది. అమ్మకాలు, పన్ను పోను, 20,00,000.

ఈ అంకెలన్నీ వర్తకపు ఖాతాలోవే. ఆ ఖాతా తక్కెడ లాంటిది. ఎడమ పళ్లెంలో ప్రారంభపు సరుకు, కొనుగోళ్లు, స్థూల లాభం ఉంటాయి. కుడి పళ్లెంలో అమ్మకాలు, ముగింపు సరుకు ఉంటాయి. రెండూ సరితూగాలి. మన కొట్టు విషయంలో ఎడమవైపు 21 లక్షలతోపాటు తెలియని లాభం ఉంది. కుడివైపు 20 లక్షలతోపాటు తెలియని సరుకు ఉంది. తక్కెడ ఒకటే, ఖాళీలు రెండు. ఒక ఖాళీని బయటినుంచి ఎవరైనా నింపితే తప్ప రెండోది తేలదు. అందుకే సర్వేయరు లాభశాతం అడిగాడు. పరీక్షల్లో ఈ తరహా లెక్క ఇచ్చేటప్పుడు ఏదో ఒక శాతం తప్పకుండా ఇవ్వడానికి కారణం కూడా అదే.

శాతం దొరికాక మిగతాది మూడు మెట్లు. అమ్మకాల్లోంచి లాభం తీసేస్తే అమ్మిన సరుకు ఖరీదు వస్తుంది. ప్రారంభపు సరుకు, కొనుగోళ్లు కలిపితే అమ్మకానికి ఉన్న మొత్తం సరుకు వస్తుంది. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేది ముగింపు సరుకు, అంటే ఆ రాత్రి అరల్లో ఉండాల్సిన సరుకు. చిక్కంతా మొదటి మెట్టు దగ్గరే.

నాలుగు పావలాలు, ఐదు పావలాలు

రూపాయికి పావలా లాభమంటే రూపాయి పెట్టి కొన్నది రూపాయి పావలాకు అమ్మడం. రూపాయికి నాలుగు పావలాలు. కొట్టువాడు నాలుగు పావలాలు పెట్టాడు, ఐదు పావలాలు రాబట్టాడు. లాభం ఒక్క పావలాయే. దాన్ని పెట్టిన నాలుగింటితో పోలిస్తే నాలుగో వంతు, 25 శాతం. దీన్ని మార్కప్ అంటారు. వచ్చిన ఐదింటితో పోలిస్తే ఐదో వంతు, 20 శాతం. దీన్ని గ్రాస్ మార్జిన్ అంటారు. లాభం మారలేదు, దేనితో పోలుస్తున్నామో అది మారింది.

మన బడి చదువు మనకు మొదటిదాన్నే అలవాటు చేసింది. కొన్న వెల, అమ్మిన వెల లెక్కల్లో లాభశాతం ఎప్పుడూ కొన్న వెల మీదే. ఇంటర్మీడియట్‌లో కామర్స్ గ్రూపు తీసుకున్న పిల్లవాడికి స్థూల లాభ నిష్పత్తి ఎదురవుతుంది. అది అమ్మకాల మీద లెక్కించేది. తడబాటు మొదలయ్యేది అక్కడే.

కుర్రాడు 20 లక్షల అమ్మకాల మీద 25 శాతం కట్టాడు. లాభం 5 లక్షలు, అమ్మిన సరుకు ఖరీదు 15 లక్షలు. మొత్తం 21 లక్షల్లోంచి అది పోతే ముగింపు సరుకు 6,00,000. యజమాని చెప్పింది కొన్న ధర మీద పావలా కాబట్టి అమ్మకాల్లో లాభం ఐదో వంతే, 4 లక్షలు. ఖరీదు 16 లక్షలు, ముగింపు సరుకు 5,00,000. లక్ష తేడా ఇక్కడే వచ్చింది.

ఈ మార్పిడికి సూత్రం కంఠస్థం చేయనక్కర్లేదు, పావలాలు గుర్తుంటే చాలు. కొన్న ధర మీద మూడో వంతు వేసుకుంటే పెట్టింది మూడు భాగాలు, వచ్చింది నాలుగు. అమ్మకాల్లో లాభం నాలుగో వంతు. సగం వేసుకుంటే అమ్మకాల్లో మూడో వంతు. కొన్న ధరకు రెట్టింపు చేసి అమ్మితే మార్కప్ 100 శాతం, మార్జిన్ మాత్రం 50. మార్కప్ 200, 300 శాతం కూడా ఉండొచ్చు. సరుకు ఊరికే వస్తే తప్ప మార్జిన్ 100 తాకదు. ఎవరైనా 120 శాతం మార్జిన్ అన్నారంటే చెబుతున్నది మార్కప్ గురించేనని తెలుసుకోవచ్చు.

తిరగేసిన లెక్కలో తప్పు కూడా తిరగబడుతుంది. అమ్మిన సరుకు ఖరీదు 9 లక్షలు, అమ్మకాల మీద లాభం 25 శాతం అని ఇచ్చి అమ్మకాలు ఎంతని అడిగారనుకోండి. చాలామంది 9 లక్షలకు 25 శాతం కలిపి 11,25,000 అంటారు. కానీ లాభం నాలుగో వంతైతే ఖరీదు మూడు వంతులు. మూడు వంతులు 9 లక్షలైతే వంతు 3 లక్షలు, అమ్మకాలు 12 లక్షలు. సరిచూసుకోవడం తేలికే: వచ్చిన లాభాన్ని అమ్మకాలతో భాగించి చూడాలి. 12 లక్షలకు 3 లక్షలంటే 25 శాతం, సరిపోయింది. 11,25,000కు 2,25,000 అంటే 20 శాతమే, ఇచ్చిన శాతంతో కలవలేదు. లెక్కలో "అసలుపై", "కొన్న ధరపై" అని ఉంటే ఒక దారి, "అమ్మకాలపై" అని ఉంటే ఇంకో దారి. ఏమీ చెప్పకుండా స్థూల లాభ నిష్పత్తి అని మాత్రమే ఉంటే అమ్మకాల మీదే తీసుకోవాలి.

పన్నులోనూ అదే ఉచ్చు

అమ్మకాలు 20 లక్షలని పైన తేలిగ్గా చెప్పేశాను. నిజానికి కౌంటర్ పుస్తకంలో ఉన్నది 21,00,000, అందులో 5 శాతం జీఎస్టీ కలిసి ఉంది. ఆ పన్ను ప్రభుత్వానిది, వర్తకపు ఖాతాలోకి రాకూడదు. కుర్రాడు 21 లక్షల మీద 5 శాతం కట్టి 1,05,000 తీసేశాడు. అదే పొరపాటు వేషం మార్చుకొని వచ్చింది. పన్ను వేసేది సరుకు ధర మీద. బిల్లులో 105 రూపాయలు ఉంటే పన్ను 5, ధర 100. కాబట్టి 21 లక్షలను 1.05తో భాగించాలి. అమ్మకాలు 20 లక్షలు, పన్ను లక్ష. తేడా 5,000 రూపాయలే అయినా అక్కడినుంచి కింది అంకెలన్నీ వంకర పోతాయి.

19 శాతం ఎక్కడిది?

సర్వేయరు యజమాని మాట ఒక్కటే నమ్ముకోలేదు. పోయిన ఏడాది వర్తకపు ఖాతా తీయించాడు. అమ్మకాలు 40,00,000, స్థూల లాభం 7,60,000. అంటే 19 శాతం. కుర్రాడు రాసుకున్న 25 ఇక నిలబడదు. కానీ రూపాయికి పావలా నిజమైతే 20 రావాలి కదా, మరి ఆ ఒక్క శాతం ఏమైంది?

"ఆషాఢం అండీ," అన్నాడు యజమాని. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, కొట్టు బోసిపోతుంది. పాత స్టాకు వదిలించుకోవడానికి 20 శాతం డిస్కౌంట్ పెడతాడు. పోయిన ఏడాది అలా 2 లక్షల సరుకు అమ్మాడు, ఈ ఏడాదీ అంతే.

ఇక్కడ మళ్లీ పావలాలు అక్కరకొస్తాయి. 100కు కొన్న చీర మీద 125 రేటు ఉంది. 125లో 20 శాతం అంటే 25. డిస్కౌంట్ పోను కొన్న వందకే చీర వెళ్లిపోయింది. పైకి చూస్తే 25 వేసుకుని 20 తగ్గించాడు, ఇంకా 5 మిగిలాయనిపిస్తుంది. ఆ 25 లెక్కించింది వంద మీద, ఈ 20 లెక్కించింది నూట పాతిక మీద. మిగిలింది సున్నా. పోయిన ఏడాది 40 లక్షల్లో ఆ 2 లక్షలు పక్కన పెడితే 38 లక్షలు. అందులో ఐదో వంతు సరిగ్గా 7,60,000. యజమాని మాటకూ పుస్తకానికీ పొత్తు కుదిరింది.

ఈ ఏడాదికి 19 శాతమే వాడేద్దామా అంటే, కూడదు. పోయినేటి 19 శాతం పన్నెండు నెలల సగటు. ఈ ఏడాది మన చేతిలో ఉన్నవి ఆరు నెలలే, ఆషాఢం మొత్తం ఆ ఆరు నెలల్లోనే వచ్చిపోయింది. అందుకని 2 లక్షల డిస్కౌంట్ అమ్మకాలను విడదీయాలి. మిగిలిన 18 లక్షల్లో ఐదో వంతు 3,60,000 లాభం, ఖరీదు 14,40,000. డిస్కౌంట్‌లో అమ్మిన సరుకు ఖరీదు 2,00,000. రెండూ కలిపి 16,40,000. తక్కెడ ఇప్పుడిలా నిలుస్తుంది:

ఎడమవైపు: ప్రారంభపు సరుకు 6,00,000 + కొనుగోళ్లు 15,00,000 + స్థూల లాభం 3,60,000 = 24,60,000

కుడివైపు: అమ్మకాలు 20,00,000 + ముగింపు సరుకు 4,60,000 = 24,60,000

కాలకుండా బయటపడిన గుడ్డలేమైనా ఉంటే వాటి విలువను ఈ 4,60,000లోంచి తీసేయాలి. యజమాని ఇంట్లో పెళ్లికని కొట్లోంచి చీరలు పట్టుకెళ్లి ఉంటే వాటి ఖరీదును ముందే కొనుగోళ్లలోంచి తగ్గించాలి. లేకపోతే ఇంటికెళ్లిన చీరలు కూడా కాగితం మీద కాలిపోతాయి.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. కొట్టంతటికీ ఒకే లాభశాతం ఉన్నంతవరకే ఇది నమ్మదగ్గది. పట్టుచీరల మీద సగం, స్కూలు యూనిఫారాల మీద పదో వంతు వేసుకునే కొట్టులో సగటు శాతం పెడితే, ఏ సరుకు ఎక్కువ అమ్ముడైందన్నదాన్ని బట్టి జవాబు అటూ ఇటూ ఊగిపోతుంది. అప్పుడు విభాగానికో తక్కెడ కట్టాలి. దొంగతనంలో పోయిన సరుకు కూడా ఈ లెక్కకు కనబడదు. అమ్మకాల్లో చేరలేదు కాబట్టి అరల్లో ఉందనే చూపిస్తుంది.

సర్వేయరు నివేదికలో 4,60,000 పడింది. కుర్రాడు తన కాగితం మీది 6,00,000 కొట్టేశాడు. తర్వాత ఇంకో కొట్టులో ఇంకో యజమాని రూపాయికి పావలా అన్నప్పుడు అతను వెంటనే రాసుకోలేదు. కలం ఆపి అడిగాడు: "కొన్న రూపాయికా అండీ, అమ్మిన రూపాయికా?"