మాత్రకు మోగే ఫోన్: ఎన్నిసార్లు, ఎప్పుడు, ఏ మాటతో?

రోజూ ఒకే శబ్దంతో, ఒకే మాటతో వచ్చే రిమైండర్‌ను మనిషి కొన్నాళ్లకు పట్టించుకోవడం మానేస్తాడు. శబ్దం చెవిన పడుతూనే ఉంటుంది, వేలు దాన్ని పక్కకు తోసేస్తూనే ఉంటుంది, పని మాత్రం జరగదు. నోటిఫికేషన్ అలసట అంటే ఇదే. దీనికి మూలం బద్ధకం కాదు. పదే పదే వచ్చే సంకేతం వెనుక ఏమీ జరగకపోతే మెదడు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. పైగా మోగిన క్షణంలో చేయడానికి వీల్లేని పనిని గుర్తుచేస్తే, చేతికి పని అలవాటు కావడానికి బదులు అలారం ఆపడం అలవాటవుతుంది. అందుకే ఎక్కువసార్లు మోగేకొద్దీ పని ఎక్కువసార్లు తప్పిపోవడం చూస్తుంటాం.

కరెంటు బిల్లు, వాయిదా, నీళ్లు తాగమనే యాప్ అన్నింటికీ ఇది వర్తిస్తుంది కానీ, మాత్రల రిమైండర్ దగ్గర లెక్క స్పష్టంగా తేలుతుంది. షీటులో మిగిలిన మాత్రలు అబద్ధం చెప్పవు.

ఈ విషయంలో బాగా ఉపయోగపడే పరిశోధన ఒకటి కెన్యాలో జరిగింది. హెచ్‌ఐవీ మందులు కొత్తగా మొదలుపెట్టిన 431 మందికి ఫోన్లు ఇచ్చి, మందు సీసాలకు మూత తీసిన ప్రతిసారీ నమోదు చేసే ఎలక్ట్రానిక్ మూతలు బిగించారు. కొందరికి రోజూ ఎస్సెమ్మెస్ వెళ్లింది, కొందరికి వారానికి ఒకటి, కొందరికి అసలు లేదు. రోజూ అందుకున్నవారిలోనూ వారానికోసారి అందుకున్నవారిలోనూ సగం మందికి ఇది మీ రిమైండర్ అనే ఒక్క ముక్కే. మిగతా సగానికి దానితోపాటు ధైర్యంగా ఉండమని, మీ గురించి మాకు శ్రద్ధ ఉందని చెప్పే వాక్యం. ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. 48 వారాల్లో నూటికి 90 మోతాదులైనా తీసుకున్నవారు సందేశాలు లేనివారిలో 40 శాతం, వారానికి ఒకటి అందుకున్నవారిలో 53 శాతం. రోజూ అందుకున్నవారిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అదనపు ఓదార్పు వాక్యం వల్ల కూడా ఏమీ కలిసిరాలేదు.

ఇందులో వేళ సంగతి ఒకటి గమనించదగ్గది. మందు రోజుకు రెండుసార్లు వేసుకోవాలి, సందేశం మాత్రం మధ్యాహ్నం 12 గంటలకు వెళ్లేది. ఈ క్షణంలో మాత్ర మింగు అని అది చెప్పలేదు, మందు వాడుతున్నావన్న సంగతిని వారానికోసారి ముందుకు తెచ్చింది. రోజువారీ సందేశం అలారంలా మారి అలవాటులో కలిసిపోయింది, లేదా చికాకు పుట్టించిందని అనుకోవడానికి ఆస్కారముంది. అలాగని ప్రతి మందుకూ వారానికి ఒక్క సందేశం చాలని తీర్మానించడం తొందరపాటే. అది ఒక్క జబ్బు, ఒక్క చోటు. సంఖ్య పెంచితే ప్రయోజనం పెరగదన్న అంశం వరకే దాన్ని నమ్మాలి.

ఇంట్లో ఈ లెక్క ఎలా పనిచేస్తుందో చూడటానికి 65 ఏళ్ల పెద్దాయన ఒకరిని ఊహించుకుందాం. థైరాయిడ్ మాత్ర పరగడుపున, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఉదయం, రాత్రి తిండితో, బీపీకి ఆమ్లోడిపిన్ రోజుకొకటి, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ రోజుకొకటి. దూరంగా ఉన్న కొడుకు ఫోన్‌లో యాప్ పెట్టి, మోతాదుకో రిమైండర్ చొప్పున 5 అమర్చాడు. జవాబు ఇవ్వకపోతే 10 నిమిషాలకోసారి మరో రెండుసార్లు మోగమన్నాడు. యాప్ తన వంతుగా నీళ్లు తాగమని 4, రాత్రి ఇవాళ్టి మీ స్కోరు అంటూ 1 చేర్చింది. పట్టించుకోని రోజున మొత్తం 20 మోతలు. మూడో వారానికి యాప్‌లోని చరిత్ర తెరిచి చూస్తే అన్ని మోతాదులకూ వేసుకున్నాను అన్న గుర్తు ఉంది, కానీ ఐదూ రాత్రి 9:50కి ఒకేసారి పడ్డాయి. అలసటకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. మోత ఆపడానికి నొక్కిన గుర్తులవి.

ఇక్కడ మొదట చేయాల్సింది మందుల్ని భోజనాల చుట్టూ కలపడం. ఆమ్లోడిపిన్, అటోర్వాస్టాటిన్ రోజులో ఏ వేళకైనా వేసుకోవచ్చు, రోజూ అదే వేళ అయితే చాలు. కాబట్టి మొదటిది టిఫిన్ వేళ మెట్‌ఫార్మిన్‌తోనూ, రెండోది రాత్రి మెట్‌ఫార్మిన్‌తోనూ వెళ్తాయి. థైరాయిడ్ మాత్ర మాత్రం టిఫిన్‌కు 30 నుంచి 60 నిమిషాల ముందు ఒంటరిగానే పడాలి. దీన్ని డాక్టరుకు ఒకసారి చూపించి ఒప్పించుకుంటే 5 రిమైండర్లు 3 అవుతాయి. నీళ్ల సలహాలు, స్కోర్లు తీసేయవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆండ్రాయిడ్ 8 నుంచి ఒకే యాప్ పంపే నోటిఫికేషన్లను రకాల వారీగా ఆపే వీలుంది. సెట్టింగ్స్‌లో యాప్ పేరు కింద చిట్కాలు, ఆఫర్లు వేరుగా, మోతాదు రిమైండర్ వేరుగా కనిపిస్తే, మొదటివి ఆపి రెండోది ఉంచాలి. విసుగొచ్చి మొత్తం యాప్‌నే నోరు మూయించినవారు కోల్పోయేది ఆ రెండోదాన్నే.

తర్వాత ఏ మోతాదు తప్పుతోందో కనిపెట్టాలి. 14 రోజులకు మెట్‌ఫార్మిన్ 28 మాత్రలు ఖర్చవాలి. షీట్లలో 6 ఎక్కువ మిగిలితే 6 మోతాదులు పోయినట్టే, కానీ ఏ పూటవో తెలియదు. వారాల పేర్లు, పూటల గదులు ఉన్న ప్లాస్టిక్ మందుల డబ్బా ఆ సంగతి చెబుతుంది. మన పెద్దాయన డబ్బాలో పగటి గదులన్నీ ఖాళీ, రాత్రి గదుల్లోనే మాత్రలు మిగిలాయి. అంటే టిఫిన్ ప్లేటే ఉదయం రిమైండర్ పని చేస్తోంది. ఆ మోత అనవసరం. ఉదయం రిమైండర్లు రెండూ తీసేసి, రాత్రిది ఒక్కటే ఉంచితే దానికి విలువ తిరిగి వస్తుంది. రెండు వారాల తర్వాత డబ్బా మళ్లీ చూడాలి. తీసేసినచోట మాత్రలు మిగలడం మొదలైతే రిమైండర్ తిరిగి పెట్టడం పెద్ద పనేమీ కాదు.

రాత్రిది ఎందుకు తప్పుతోంది? యాప్‌లో వేళ 8:00. ఆయన భోజనానికి కూర్చునేది టీవీలో సీరియల్ అయ్యాక, 8:45కి. మోగినప్పుడు కంచం ముందు లేదు, మందు తిండితో వేసుకోవాలి, అందుకే ఆపేసి తర్వాత వేసుకుందాం అనుకుంటారు. ఆ తర్వాత రాదు. వేళను 8:50కి జరిపి, డబ్బాను భోజనం బల్ల మీదికి తెస్తే మోతకూ చేతికీ మధ్య ఖాళీ పోతుంది. సరిగ్గా గంట కొట్టినప్పుడు పెట్టకపోవడానికి మరో కారణమూ ఉంది. ఉదయం 7, 8 గంటలకు కుటుంబ గ్రూపుల గుడ్ మార్నింగ్ పూలు, బ్యాంకు సందేశాలు, వార్తల యాప్‌లు అన్నీ ఒకేసారి దిగుతాయి. వాటి నడుమ మాత్ర రిమైండర్ కూడా ఇంకో పువ్వే. ఫోన్‌లోని బ్యాటరీ పొదుపు అమరికలను కూడా చూసుకోవాలి. కొన్ని ఫోన్లు తెర వెనుక యాప్‌ను నిద్రపుచ్చడంతో రిమైండర్ గంట ఆలస్యంగా వస్తుంది. అప్పటికే మాత్ర వేసుకున్న మనిషి మరొకటి వేసుకునే ప్రమాదం అక్కడ ఉంది.

మాటల విషయానికొస్తే, రిమైండర్ రెండు ప్రశ్నలకు జవాబు చెబితే చాలు: ఏది, ఎప్పుడు. మీ ఆరోగ్యమే మా లక్ష్యం లాంటి పల్లవి మొదట పెడితే, లాక్ అయిన తెర మీద కనిపించే కాస్త చోటూ దానికే సరిపోతుంది. తెలుగులో ఎస్సెమ్మెస్ పంపేవారికి ఇంకో ఇబ్బంది ఉంది. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగు లిపిలో 70 మాత్రమే. గుణింతం గుర్తు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి కనుక మాత్ర అన్న చిన్న మాటే 5. అయినా ఈ వాక్యం 57లో ఇమిడిపోతుంది:

“రాత్రి భోజనం తర్వాత: షుగర్ మాత్ర 1, కొలెస్ట్రాల్ మాత్ర 1.”

మళ్లీ మర్చిపోయారు, వరుస తెగిపోయింది లాంటి మాటలు అలసటను తొందరగా తెస్తాయి. నింద వినడానికి ఎవరూ ఫోన్ తెరవరు. జబ్బు పేరు ఇతరులకు తెలియకూడని చోట, హెచ్‌ఐవీలోనూ క్షయలోనూ, అది తెర మీద రానే కూడదు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికొస్తుంది. ఇలాంటి మందుకు వారం పేరు సందేశంలో మొదటి మాటగా ఉండాలి.

జవాబు రాకపోతే ఎన్నిసార్లు మళ్లీ మోగాలి? ఒకసారి, అదీ అరగంటో గంటో ఆగి. అప్పటికీ స్పందన లేకపోతే యంత్రం పని అయిపోయింది, మనిషి రావాలి. కెన్యాలోనే జరిగిన మరో పరిశోధన ఈ మార్గం పట్టింది. 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో 538 మంది ఉన్నారు. మందు వేసుకో అని అందులో ఎక్కడా లేదు. వారానికి ఒకసారి నర్సు దగ్గర్నుంచి ఎలా ఉన్నారు అనే అర్థం వచ్చే ఒక్క స్వాహిలీ మాట వెళ్లేది. రోగి 48 గంటల్లో బాగున్నాననో, ఇబ్బంది ఉందనో జవాబివ్వాలి. ఇబ్బంది అన్నవారికి, జవాబివ్వనివారికి నర్సు ఫోన్ చేసేది. మందు సరిగా వాడినట్టు చెప్పినవారు మామూలు వైద్యంలో 50 శాతం, ఈ పద్ధతిలో 62 శాతం. మన పెద్దాయన ఇంటికి దీన్ని తెస్తే, కొడుకు రోజూ నాన్నా మందేసుకున్నావా అని అడగడం మానేసి, ఆదివారం డబ్బా చూపించమని వీడియో కాల్‌లో అడగడం అవుతుంది.

ఇన్ని చేసినా రిమైండర్‌తో తీరేది మరుపు ఒక్కటే. దక్షిణ భారతంలో హెచ్‌ఐవీ చికిత్సలో ఉన్న 631 మందిపై జరిగి, 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరీక్షలో వారానికోసారి రికార్డు చేసిన వాయిస్ కాల్, ఒక బొమ్మ సందేశం పంపారు. 96 వారాల తర్వాత చూస్తే మందు పనిచేయకుండా పోయినవారి సంఖ్యలో తేడా లేదు. వారానికి ఒకటి చొప్పున పంపడమే మంత్రం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. మెట్‌ఫార్మిన్ కడుపులో తిప్పుతోందని మానేసినవారికి, నెలాఖరుకు షీటు కొనలేనివారికి, బీపీ తగ్గిందిగా ఇక ఎందుకనుకునేవారికి ఏ వేళకు ఎన్ని మోతలు పెట్టినా ఉపయోగం లేదు. రిమైండర్ సరైన వేళకు, సరైన మాటతో వచ్చి, రోజుకు ఒక్కటే అయినా మాత్రలు మిగులుతుంటే, కారణం ఫోన్‌లో లేదు, డాక్టరు దగ్గర మాట్లాడాలి. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా వాడేవి, అవయవ మార్పిడి తర్వాత వాడేవి అయితే, అలవాటైందని తోచినా ఆ ఒక్క మోతనూ డాక్టరును అడగకుండా తీసేయకూడదు.