ఒక్కరి మాట పదిమంది మాటగా

ఫోన్లో సర్వే చేసేవాళ్లకు ఎక్కువగా దొరికేది మగవాళ్లే. 15–49 ఏళ్ల ఆడవాళ్లలో తాము వాడుకునే మొబైల్ ఉన్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి 54 మందేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఇక అరవై దాటిన ఆడవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

ఈ లోటును సర్వే అయ్యాక సరిచేసే పద్ధతే పోస్ట్-స్ట్రాటిఫికేషన్ వెయిట్. మద్యనిషేధం కావాలా అని వెయ్యి మందిని అడిగారనుకుందాం. 700 మంది మగవాళ్లు, 300 మంది ఆడవాళ్లు జవాబిచ్చారు. కావాలన్నవాళ్లు మగవాళ్లలో 40 శాతం, ఆడవాళ్లలో 80 శాతం. ఉన్నదున్నట్టు కూడితే 280, 240 కలిసి 520. అంటే 52 శాతం.

కానీ జనంలో సగం ఆడవాళ్లు. ఉండాల్సిన 500ను దొరికిన 300తో భాగిస్తే 1.67 వస్తుంది. ఒక్కో ఆడమనిషి జవాబును అంతగా లెక్కేస్తారు. మగవాళ్లకు 500ను 700తో భాగించి 0.71. ఇప్పుడు జవాబు 60 శాతం. ఎనిమిది శాతం తేడా!

అయితే ఇది ఊరికే రాదు. వెయిట్లు వేశాక ఈ వెయ్యి జవాబులకు మిగిలే కచ్చితత్వం దాదాపు 840 జవాబులదే.

వయసును కూడా కలిపితే చిక్కు ముదురుతుంది. అరవై దాటిన ఆడవాళ్లు 60 మంది ఉండాల్సిన చోట ఆరుగురే దొరికారనుకోండి, ఒక్కొక్కరి వెయిట్ పది. వాళ్లలో ఒకావిడ మనసు మార్చుకుంటే రాష్ట్రం లెక్కే ఒక శాతం అటూ ఇటూ అవుతుంది.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్ టైమ్స్ కలిసి సుమారు మూడు వేల మందిని పదేపదే అడుగుతూ ఒక సర్వే నడిపాయి. వయసునూ జాతినీ సన్నగా విడగొట్టడంతో ఇల్లినాయ్‌కి చెందిన 19 ఏళ్ల నల్లజాతి కుర్రాడొకడికి సగటు మనిషికంటే 30 రెట్ల వెయిట్ పడింది. అతను ట్రంప్ వైపు. అతను జవాబిచ్చిన వారాల్లో నల్లజాతివాళ్లలో ట్రంప్ బలం ఒక్కసారిగా పెరిగినట్టు కనిపించేది. న్యూయార్క్ టైమ్స్ తవ్వి తీసేదాకా చదివేవాళ్లకు కారణం తెలియలేదు.

అందుకే అనుభవమున్నవాళ్లు చిన్న గుంపులను పక్క వయసువాళ్లతో కలిపేస్తారు, లేదా వెయిట్ ఇంతకు మించకూడదని గీత గీస్తారు. దానివల్ల పాత పక్షపాతం కాస్త మిగులుతుంది, కానీ అంకె నిలకడగా ఉంటుంది. ఈ బేరం మంచిదే.

వెయిట్లు తీర్చలేని లోటు మరొకటుంది. సొంత ఫోనున్న ఆ 300 మంది ఎక్కువగా చదువుకున్నవాళ్లో పట్నంవాళ్లో అయితే, వాళ్ల మాటను ఎన్నింతలు చేసినా ఫోను లేని కూలి మనిషి మాట అందులో చేరదు. ఆవిడ గడపకు మనిషి వెళ్లి అడగాల్సిందే.

పేపర్లో సర్వే కనబడితే మొత్తం ఎంతమందిని అడిగారన్నది ఒక్కటే చూడకండి. అందులో ఆడవాళ్లు ఎందరు, అరవై దాటినవాళ్లు ఎందరు, అందరికంటే పెద్ద వెయిట్ ఎంత అన్నవి వెతకండి. అవి వేయని సర్వేను నమ్మడానికి తొందరపడొద్దు.