45కి వెళ్లి వచ్చిన ఖర్చు

2015 గేట్ పరీక్ష కంప్యూటర్ సైన్స్ పేపర్లో ఒక ప్రశ్న వచ్చింది. వంద ట్రాకులున్న డిస్క్ ఒకటి. దానికి వచ్చిన అభ్యర్థనలు వరసగా 45, 20, 90, 10, 50, 60, 80, 25, 70 ట్రాకులవి. హెడ్ ఇప్పుడు 50వ ట్రాకు మీద ఉంది. స్కాన్ పద్ధతి 100 వైపు బయల్దేరుతుందనుకుంటే, దానికన్నా ఎస్‌ఎస్‌టీఎఫ్ పద్ధతిలో హెడ్ ఎన్ని ట్రాకులు అదనంగా తిరుగుతుంది? ఏబీసీడీలు లేవు, అంకె వేసెయ్యడమే. జవాబు 10.

ఈ పదిలో చాలా కథ ఉంది. ముందు డిస్క్ సంగతి చూద్దాం. హార్డ్ డిస్క్ లోపల గుండ్రటి పలకలు గిర్రున తిరుగుతుంటాయి. వాటి మీద సమాచారం ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలుగా రాసి ఉంటుంది. ఒక్కో వలయం ఒక ట్రాకు. చదివే హెడ్ ఒక చేయి చివర ఉండి, కావలసిన ట్రాకు దాకా లోపలికో బయటికో జరుగుతుంది. ఇలా జరగడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. మనకది లెక్కలోకి రాని సమయం, కానీ ఆ లోపు ప్రాసెసర్ లక్షల సూచనలు ముగించేయగలదు. అందుకే పది ప్రోగ్రాములు ఒకేసారి డిస్క్‌ని అడుగుతున్నప్పుడు ఎవరి పని ముందు చెయ్యాలో ఆపరేటింగ్ సిస్టమ్ ఆలోచించుకోవాల్సి వచ్చింది.

వచ్చిన వరసలోనే చేసుకుపోతే? పై ప్రశ్నలో హెడ్ 50 నుంచి 45కి, అక్కణ్ణుంచి 20కి, ఎగిరి 90కి, వెనక్కి 10కి, ఇలా అటూ ఇటూ పరిగెత్తి మొత్తం 350 ట్రాకులు తిరుగుతుంది. ఎవరికీ అన్యాయం జరగదు గానీ హెడ్‌కి మాత్రం ఊపిరాడదు.

ఎస్‌ఎస్‌టీఎఫ్ అంటే ఎప్పటికప్పుడు ఉన్న చోటికి అతి దగ్గరగా ఉన్న పని అందుకోవడం. 50వ ట్రాకు పని కాళ్ల కిందే ఉంది, అది ముందు అయిపోతుంది. తర్వాత 45 అయిదు అడుగుల దూరం, 60 పది అడుగులు. కాబట్టి 45. అక్కడ నిలబడి చూస్తే 60కి పదిహేను, 25కి ఇరవై. మళ్లీ దగ్గరది 60. ఇక అక్కణ్ణుంచి 70, 80, 90 పదేసి దూరంలో దొరుకుతాయి. ఎగువన ఏమీ మిగల్లేదు గనక 90 నుంచి 25కి 65 ట్రాకుల దూకుడు, ఆపైన 20, 10. కూడితే 5, 15, మూడు పదులు, 65, 5, 10. మొత్తం 130.

స్కాన్ పద్ధతి లిఫ్ట్ లాంటిది. ఒక వైపు బయల్దేరాక దారిలో అడిగినవాళ్లందరి పనీ చూసుకుంటూ పోయి, ఆ తర్వాతే వెనక్కి తిరుగుతుంది. ఇంగ్లిష్ పుస్తకాల్లో దీనికి ఎలివేటర్ అనే మారుపేరు ఉన్నది అందుకే. మన హెడ్ 50 నుంచి 90 దాకా వెళ్లి (40), అక్కణ్ణుంచి 10 దాకా దిగితే (80) మొత్తం 120. 130లోంచి 120 తీసేస్తే 10.

విద్యార్థులు సాధారణంగా ఇక్కడితో పెన్ను కింద పెట్టేస్తారు. కానీ ఆ పది ఎక్కడిదో చూడడం అసలు సరదా. ఎస్‌ఎస్‌టీఎఫ్ 50 నుంచి 45కి వెనక్కి వెళ్లింది, మళ్లీ 50 మీదుగానే పైకి వచ్చింది. పోను అయిదు, రాను అయిదు. ఆ తర్వాత అది తిరిగిన దారి స్కాన్ తిరిగిన దారే, ఒక్క ట్రాకు కూడా తేడా లేదు. అంటే దగ్గర్లో ఉంది కదా అని ముందు 45 పని చేసినందుకు పడిన ఖర్చే ఆ పది. దిగేటప్పుడు 45 ఎలాగూ దారిలోనే తగిలేది. ఈ సంగతి కనిపెట్టినవాడికి కూడికలతో పనే లేదు.

ఇక చిక్కు. స్కాన్ నిజంగా 90 దగ్గర ఆగిపోతుందా? చాలా పాఠ్యపుస్తకాల నిర్వచనం ప్రకారం స్కాన్ డిస్క్ కొసదాకా వెళ్లాలి. చివరి అభ్యర్థన దగ్గరే వెనక్కి తిరిగే పద్ధతికి వేరే పేరుంది, లుక్ అని. పై అంతస్తులో ఎవరూ బటన్ నొక్కకపోయినా పైకప్పు దాకా వెళ్లి దిగే లిఫ్ట్ స్కాన్ అయితే, నొక్కిన అంతస్తు దగ్గరే తిరిగేది లుక్. కాబట్టి నిర్వచనానికి కట్టుబడిన పిల్లవాడు హెడ్‌ని 99 దాకా తీసుకెళతాడు. వంద ట్రాకులంటే 0 నుంచి 99 వరకే కదా! అప్పుడు స్కాన్‌కి 49, 89 కలిపి 138. ఇప్పుడు ఎస్‌ఎస్‌టీఎఫే 8 ట్రాకులు తక్కువ తిరిగినట్టు. ప్రశ్నలో 100 అన్నారు గదా అని అక్కడిదాకా వెళితే స్కాన్‌కి 140, తేడా మళ్లీ పదే! కానీ తలకిందులుగా, గెలిచినవాడు ఓడినట్టు. అంటే తప్పు దారిన వెళ్లినవాడికీ మార్కులు పడ్డాయి, శ్రద్ధగా 99 దగ్గర ఆగినవాడికి పడలేదు. ఇది ప్రశ్న రాసినవాళ్ల లోపమనే నా అభిప్రాయం. అయితే పరీక్ష హాల్లో వాదించి లాభం లేదు. ఎస్‌ఎస్‌టీఎఫ్ 'అదనంగా' తిరిగే దూరం అడిగారంటే స్కాన్ మొత్తమే తక్కువ కావాలి, కాబట్టి వాళ్ల మనసులో ఉన్నది లుక్ అని ఆ ఒక్క మాటతో పసిగట్టాలి.

ఎస్‌ఎస్‌టీఎఫ్ ఎప్పుడూ ఓడుతుందనీ కాదు. అదే వరస ఉంచి, హెడ్‌ని 20వ ట్రాకు మీద పెట్టి, పైకే వెళ్లనివ్వండి. కొసదాకా వెళ్లకుండా 90 దగ్గరే తిరిగినా స్కాన్‌కి 70, 80 కలిపి 150 అవుతుంది. ఎస్‌ఎస్‌టీఎఫ్ 25కి వెళ్లి, 10కి దిగి, అక్కణ్ణుంచి 90కి ఎక్కి, వందతో ముగిస్తుంది. కింద మిగిలిన ఒకే ఒక్క 10 కోసం స్కాన్ పైనుంచి మళ్లీ అంత దూరం దిగాల్సి వచ్చింది మరి.

అలాంటప్పుడు ఎస్‌ఎస్‌టీఎఫ్ వాడుకోవచ్చు కదా? మొత్తం దూరం చెప్పని సంగతి ఒకటుంది. పరీక్షలో తొమ్మిది పనులూ ముందే వచ్చి కూర్చున్నాయి, కొత్తవి రావు. నిజం డిస్క్‌కి పనులు వస్తూనే ఉంటాయి. హెడ్ 80 దగ్గర ఉండగా 75, 85, 78 అంటూ పక్కపక్కనే కొత్తవి వచ్చిపడుతుంటే ఎస్‌ఎస్‌టీఎఫ్ వాటి చుట్టూనే తిరుగుతుంది. 10వ ట్రాకు పని అడిగిన ప్రోగ్రామ్ అలా ఎదురుచూస్తూ ఉండాల్సిందే. మొత్తం దూరం లెక్కలో ఈ ఎదురుచూపు కనపడదు. స్కాన్‌లో మాత్రం హెడ్ ఒక వైపు వెళ్లాక తప్పక రెండో వైపు వస్తుంది గనక ఎవరి వంతూ శాశ్వతంగా వాయిదా పడదు.

ట్రాకుల లెక్కకే మరో పరిమితి ఉంది. హెడ్ కదలాలంటే వేగం పుంజుకోవాలి, గమ్యం దగ్గర నెమ్మదించి కుదురుకోవాలి. అందుకని ఒకేసారి 65 ట్రాకులు దూకడానికి, 65 సార్లు ఒక్కో ట్రాకు జరగడానికి పట్టేంత సమయం పట్టదు. పైగా ట్రాకు చేరాక కావలసిన ముక్క తిరిగి హెడ్ కిందికి వచ్చేదాకా ఆగాలి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌లో ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు, అంటే సగటున నాలుగుకి పైగా మిల్లీసెకన్లు ఆ నిరీక్షణకే పోతాయి. ఇక ఇప్పటి లాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండే ఎస్‌ఎస్‌డీలలో కదిలే హెడ్డే లేదు. లైనక్స్ యంత్రంలో ఏ పద్ధతి నడుస్తోందో చూడాలంటే ఈ ఆదేశం ఇవ్వాలి. `sda` చోట మీ డిస్క్ పేరు రాయండి:

```
cat /sys/block/sda/queue/scheduler
```

కొన్ని పేర్లు వస్తాయి, వాడుకలో ఉన్నది చదరపు బ్రాకెట్లలో ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ అయితే చాలాసార్లు `none` కనబడుతుంది, అంటే వరస మార్చే పనే పెట్టుకోలేదన్నమాట. `mq-deadline` ఉంటే అది పనుల్ని స్థానాల వరసలో చేసుకుపోతూనే, ఒక్కోదానికి గడువు కూడా పెడుతుంది. మామూలుగా చదవమన్నదానికి అర సెకను, రాయమన్నదానికి అయిదు సెకన్లు. గడువు దాటిన పని ఉంటే, హెడ్ ఎంత దూరం పోవాల్సొచ్చినా దాన్ని ముందుకి లాక్కొస్తుంది.