కొత్త అయ్యగారికి స్వాగతం పలికేటప్పుడు

సీఎస్ఐ సంఘాల్లో అయ్యగారిని సంఘం ఎంచుకోదు, డయోసిస్ పంపిస్తుంది. అందుకే మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక, శాలువా కప్పిన తర్వాత, సంఘ కార్యదర్శి మాట్లాడే ఆ ఐదు నిమిషాలకు అంత బరువు. చాలాచోట్ల ఆ ఐదు నిమిషాలూ మోషేతో పోలికలకే సరిపోతాయి. అందరూ ఆమేన్ అంటారు. మూడు నెలలు తిరక్కుండానే "ఈయన మా ఊరు రావడమే లేదు" అని గొణుగుడు మొదలవుతుంది.

ఆ గొణుగుడు చాలాసార్లు లెక్క తెలియక పుట్టేదే. ఒక పాస్టరేటులో పెద్ద చర్చితోపాటు ఐదు పల్లె చర్చిలున్నాయనుకుందాం. ఉపదేశి ప్రసంగం చేయవచ్చు గానీ, ప్రభు సంస్కారం ఇవ్వాలంటే అభిషేకం పొందిన గురువు ఉండాల్సిందే. ఆదివారం పొద్దున ఒకచోట, సాయంత్రం ఒకచోట తిరిగినా, నాలుగు ఆదివారాలకు ఎనిమిది ఆరాధనలే. పెద్ద చర్చి రెండు తీసుకుంటే, పల్లెలకు తలా ఒకటి పోను ఒక్కటి మిగులుతుంది. పెద్ద చర్చివాళ్లు నాలుగూ మావే అంటే ఒక పల్లెకు ఆ నెల సంస్కారం ఉండదు. ఈ మాట కొత్త అయ్యగారు చెబితే బద్ధకం అంటారు. కార్యదర్శి చెబితే అది సంఘం మాట అవుతుంది. ఇలా చెప్పవచ్చు:

"అయ్యగారూ, అమ్మగారూ, మీకు మా వందనాలు. ఇక్కడ నెలలో రెండు ఆదివారాలు మీరు పల్లెల్లో ఉంటారు. ఆ రోజుల్లో ఆరాధన మా పెద్దలు నడిపిస్తారు, ఎవరూ చిన్నబుచ్చుకోరు. గృహ దర్శనాలకు ముందు మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు రండి, మిగతావాళ్లం ఆగుతాం. పాత అయ్యగారు యువకులతో పాటలు బాగా పాడించేవారు. మీరూ అలాగే చేయాలని అడగం, మీకు వచ్చినది మాకు నేర్పండి. గురువుగారి ఇంటి వంటగది కప్పు కారుతోంది. వానలకు ముందే బాగుచేయిస్తామని కమిటీ తరఫున మాటిస్తున్నాను."

ఇందులో అమ్మగారికి వందనం ఉంది, పని లేదు. స్త్రీల మైత్రి, సండే స్కూలు ఆమే చూసుకోవాలని వేదిక మీదే ప్రకటించేవారున్నారు. ఆమెకు జీతమిచ్చేది ఎవరూ లేరు, పైగా సొంత ఉద్యోగమూ ఉండవచ్చు. ముందు ఇంటికి వెళ్లి అడగాలి. కప్పు సంగతి కూడా కమిటీ తీర్మానించి, డబ్బు చేతికొచ్చాకే మైకులో చెప్పాలి.

కమిటీ ఎన్నికల్లో రెండు వర్గాలైన సంగతి, స్మశాన స్థలం తగాదా ఉపన్యాసంలో తేవద్దు. "మా సంఘంలో ఐక్యత పుష్కలం" అని అబద్ధమూ ఆడవద్దు. అవి ఆ వారంలోనే, ఇరువైపుల పెద్దలూ ఉన్నప్పుడు అయ్యగారి చెవిన వేయాలి. ఒక్కరే చీకటిపడ్డాక వెళ్లి చెబితే, ఆయన ఆ వర్గం మనిషైపోయారని తెల్లారేసరికి ఊరంతా అనుకుంటుంది.