శనగలు తింటే కడుపెందుకు ఉబ్బుతుంది?

శనగలు, మినుములు, అలసందలు, చిక్కుళ్లు తిన్న కొన్ని గంటలకు కడుపు ఉబ్బరించడానికి మూలం ఆ గింజల్లో ఉండే ఒక రకం చక్కెరలు. వీటిలో ముఖ్యమైనవి రాఫినోజ్, స్టాకియోజ్, వెర్బాస్కోజ్. మొలకెత్తేటప్పుడు శక్తి కోసం గింజ వీటిని తనలో దాచుకుంటుంది. వీటిని విడగొట్టాలంటే ఆల్ఫా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్ కావాలి. మనిషి చిన్నపేగులో అది తయారు కాదు. అందువల్ల ఎంత బాగా నమిలి తిన్నా ఈ చక్కెరలు అరగకుండానే పెద్దపేగుకు చేరతాయి. అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టుకుని తింటుంది. అప్పుడు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ పుడతాయి. వీటికి వాసన ఉండదు. దుర్వాసన వచ్చేది కొద్దిపాళ్లలో ఉండే గంధకపు వాయువుల వల్ల.

ఇదంతా జరగడానికి సమయం పడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు గుగ్గిళ్లు తిన్నవారికి గ్యాస్ సాధారణంగా సాయంత్రానికి మొదలవుతుంది. భోజనం మీద నుంచి లేవగానే కడుపు బిగిస్తే అది అప్పుడే తిన్న శనగల పని కాకపోవచ్చు. గబగబా తింటూ మింగిన గాలి, మోతాదు మించిన భోజనం, లేదా అంతకు ముందటి పూట తిన్నది కారణం కావచ్చు. పైగా గ్యాస్ ఎంత పుట్టిందన్నదానికీ, ఎంత బాధగా ఉందన్నదానికీ నేరుగా పొంతన ఉండదు. పేగు సున్నితంగా ఉన్నవారికి మామూలు పరిమాణంలో వచ్చిన వాయువు కూడా నొప్పి పుట్టిస్తుంది.

కూరగాయల్లోనూ ఇలాంటి కారణాలే ఉన్నాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్‌లలో రాఫినోజ్‌తో పాటు గంధకపు పదార్థాలూ ఉంటాయి కాబట్టి వాసన ఎక్కువ. ఉల్లి, వెల్లుల్లిలో ఫ్రక్టాన్లు అనే మరో రకం అరగని చక్కెరలుంటాయి. పప్పు పడలేదనుకునేవారిలో కొందరికి నిజంగా పడనిది అందులో దండిగా వేసిన ఉల్లిపాయే.

ఈ చక్కెరలు నీటిలో కరుగుతాయి. ఇబ్బందిని తగ్గించే దారి ఇక్కడే ఉంది. ఒక కప్పు శనగలను నాలుగు కప్పుల నీటిలో రాత్రంతా, అంటే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానబెట్టాలి. ఎండాకాలంలో నీరు నురగ కట్టి పులిసిన వాసన వస్తుంది కాబట్టి మధ్యలో ఒకసారి మార్చడం మంచిది. నానిన నీటిని పారబోసి, గింజలను కడిగి, కొత్త నీటిలో ఉడికించాలి. నానిన నీటితోనే ఉడికిస్తే కరిగి బయటికొచ్చిన చక్కెర తిరిగి పళ్లెంలోకే వస్తుంది. నీటితో పాటు కొన్ని విటమిన్లు, పొటాషియం కొంత పోతాయన్నది నిజమే గానీ, శనగలను పూర్తిగా మానేయడంతో పోలిస్తే ఆ నష్టం చిన్నది. ఉడికిన గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే లోపల పలుకు లేకుండా మెత్తగా నలగాలి. పలుకు తగిలితే లోపలి పిండిపదార్థం సరిగా ఉడకలేదని గుర్తు. అదీ అరగకుండా పెద్దపేగుకు చేరి గ్యాస్‌కు తోడవుతుంది. త్వరగా ఉడకాలని వంటసోడా వేస్తే గింజలోని బి1 విటమిన్ దెబ్బతింటుంది.

నానబెట్టడంతో ఈ చక్కెరలు పూర్తిగా పోవు, కొంత తగ్గుతాయి. మొలకెత్తిస్తే ఇంకా తగ్గుతాయి. గింజ తన సొంత ఎంజైమ్‌తో దాచుకున్న చక్కెరను ఖర్చు చేసుకోవడం అప్పుడే మొదలవుతుంది. పచ్చి మొలకల కంటే ఆవిరి పట్టిన మొలకలు కడుపుకు తేలిక. కందిపప్పు, పెసరపప్పు వండేటప్పుడు ఉడికిన నీటిని ఎవరూ పారబోయరు. అందుకని ముందుగా అరగంట నానబెట్టి ఆ నీటిని వంచేయడమే వీలైన పని. ఎక్కువమందికి పెసరపప్పు తేలిగ్గా అరుగుతుంది. ఇంగువ, వాము, జీలకర్ర ఉపశమనం ఇస్తాయని చాలామంది అనుభవం. అయితే అవి గింజలోని చక్కెరను తీసేయలేవు, అవి వేశాం కదా అని నానబెట్టడం మానకూడదు.

అలవాటు లేనివారు రెండు మూడు చెంచాల ఉడికిన గింజలతో మొదలుపెట్టి, వారం వారం కాస్త పెంచుకోవాలి. కొన్ని వారాల్లో చాలామందికి ఇబ్బంది తగ్గుతుంది. ఒకే పూట శనగలు, క్యాబేజీ కూర రెండూ పెట్టుకోకపోవడం, తిన్నాక కాసేపు నడవడం సాయపడతాయి.

ఇంత చేసినా తగ్గకపోతే పప్పును వదిలి పాల మీద దృష్టి పెట్టాలి. పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్ అరగనివారు మన దేశంలో ఎక్కువ. వారం పాటు పప్పు యథాప్రకారం తింటూ, కాఫీ టీలతో సహా పాలు మాత్రం ఆపి చూస్తే తేడా తెలుస్తుంది. బరువు తగ్గడం, మలంలో రక్తం, రక్తహీనత, ఆగని వాంతులు, నిద్ర లేపేంత నొప్పి ఉంటే గానీ, యాభై దాటాక కొత్తగా ఉబ్బరం మొదలై వదలకపోతే గానీ వంటింటి ఉపాయాలతో కాలం గడపకుండా డాక్టర్‌కు చూపించుకోవాలి. మధ్యవయసు దాటిన స్త్రీలలో వారాల తరబడి పోని ఉబ్బరం అండాశయ క్యాన్సర్‌కు తొలి లక్షణం కూడా కావచ్చు.