Hydatid Disease: కుక్క తిన్న కార్జం ముక్క.. పదేళ్లకు మనిషి లివర్‌లో నీటి తిత్తి! అసలేంటీ హైడాటిడ్ వ్యాధి?

వేరే ఏదో సమస్యకు పొట్ట స్కానింగ్ చేయించుకుంటే, లివర్‌లో నీళ్లు నిండిన పెద్ద తిత్తి ఉందని తేలుతుంది. నొప్పి లేదు, జ్వరం లేదు. ఎప్పుడొచ్చిందో తెలియదు. హైడాటిడ్ వ్యాధి చాలామందిలో ఇలాగే బయటపడుతుంది. దీనికి కారణం మద్యం కాదు, మాంసం తినడం అంతకన్నా కాదు. కుక్క పేగుల్లో బతికే చిన్న బద్దెపురుగు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణ మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉన్నాయి. అందుకే ఈ వ్యాధి సంగతి మన పల్లెలకు బాగా తెలిసి ఉండాలి.

కుక్క నుంచి గొర్రెకు.. గొర్రె నుంచి కుక్కకు

ఈ పురుగు పేరు ఎకినోకాకస్ గ్రాన్యులోసస్. పొడవు అర సెంటీమీటర్ అటూ ఇటూ, అంటే బియ్యపు గింజంత కూడా ఉండదు. ఒక్కో కుక్క పేగులో ఇవి వేల సంఖ్యలో ఉన్నా, ఆ కుక్క చురుగ్గానే తిరుగుతుంది. చూసి గుర్తుపట్టడం కుదరదు. మామూలు మల పరీక్షలో కూడా దీని గుడ్లను మిగతా బద్దెపురుగుల గుడ్ల నుంచి వేరు చేసి చెప్పలేరు.

పురుగు గుడ్లు కుక్క మలంతో బయటకు వచ్చి గడ్డి మీద, నీటి గుంటల్లో చేరతాయి. తేమ, చల్లదనం ఉంటే నెలల తరబడి బతుకుతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె కడుపులో గుడ్డు పగిలి, పిల్ల పురుగు పేగు గోడను దాటి రక్తంలో కలుస్తుంది. లివర్‌లోనో ఊపిరితిత్తుల్లోనో ఆగి, నీటి తిత్తిగా మారుతుంది.

ఆ గొర్రెను కోసినప్పుడు తిత్తులున్న కార్జాన్ని ఎవరూ వండుకోరు. పక్కన కాచుకుని కూర్చున్న కుక్కకు విసిరేస్తారు. అసలు చిక్కు అక్కడే ఉంది. తిత్తి లోపల పురుగు తలలు వందలు, వేలల్లో ఉంటాయి. కుక్క పేగులో ఒక్కో తల ఒక్కో పురుగుగా ఎదుగుతుంది. సుమారు ఆరు వారాల తర్వాత మళ్లీ గుడ్లు రావడం మొదలవుతుంది.

మటన్ తింటే వస్తుందా?

రాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. గొర్రె తిత్తిలో ఉండేవి పురుగు తలలు. అవి కుక్క, తోడేలు లాంటి జంతువుల పేగుల్లోనే పురుగులవుతాయి. మనిషికి వ్యాధి రావాలంటే కుక్క మలంలోని గుడ్డు నోట్లోకి వెళ్లాలి. కుక్క తన ఒళ్లు నాక్కున్నప్పుడు గుడ్లు దాని బొచ్చుకు, మూతికి అంటుకుంటాయి. దాన్ని నిమిరి చేతులు కడుక్కోకుండా తిన్నా, కుక్కలు తిరిగే చోట పండిన ఆకుకూరలను సరిగ్గా కడగకుండా పచ్చిగా తిన్నా, కలుషితమైన నీళ్లు తాగినా గుడ్లు లోపలికి వెళ్తాయి. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఇది అంటుకోదు.

లివర్‌లోనే ఎందుకు?

పేగుల నుంచి వచ్చే రక్తం ముందుగా లివర్‌లోకే వెళ్తుంది. పిల్ల పురుగు అక్కడే చిక్కుకుంటుంది. అందుకే పది మంది రోగుల్లో సుమారు ఏడుగురికి తిత్తి లివర్‌లోనే కనిపిస్తుంది. లివర్‌ను దాటినవి ఎక్కువగా ఊపిరితిత్తుల్లో ఆగుతాయి.

తిత్తి పెరిగే వేగం అందరిలో ఒకేలా ఉండదు. కొన్ని ఏళ్ల తరబడి పెరగకుండా ఉండిపోతాయి. ఉదాహరణకు ఏడాదికి ఒక సెంటీమీటర్ చొప్పున పెరిగే తిత్తినే తీసుకుందాం. పదేళ్ల వయసులో గుడ్డు మింగిన పిల్లాడికి పదిహేనేళ్లు వచ్చేసరికి తిత్తి 5 సెంటీమీటర్లు అవుతుంది. అందులో పట్టేది సుమారు 65 మిల్లీలీటర్ల నీరు. ఇరవై ఏళ్లకు అది 10 సెంటీమీటర్లు. అడ్డం రెట్టింపే అయినా లోపలి నీరు ఎనిమిది రెట్లవుతుంది. అంటే అర లీటరు పైమాటే! కుడి డొక్కలో బరువు, నొప్పి, కొంచెం తిన్నా కడుపు నిండినట్టు అనిపించడం అప్పుడు మొదలవుతాయి.

అసలు ప్రమాదం తిత్తి పగిలితేనే. లోపలి నీరు ఒక్కసారిగా ఒంట్లో కలిస్తే తీవ్రమైన అలర్జీతో బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. చెల్లాచెదురైన పురుగు తలల నుంచి కడుపంతా కొత్త తిత్తులు పుట్టొచ్చు. పిత్తనాళంలోకి పగిలితే కామెర్లు, చలిజ్వరం వస్తాయి.

చికిత్స ఎలా?

అల్ట్రాసౌండ్‌లో తిత్తి ఏ దశలో ఉందో చూసి వైద్యులు చికిత్స నిర్ణయిస్తారు. 5 సెంటీమీటర్ల లోపు, లోపల గదులు లేని తిత్తికి చాలాసార్లు ఆల్బెండజోల్ మాత్రలే సరిపోతాయి. బడిలో పిల్లలకు ఇచ్చే ఒక్క మాత్ర లాంటిది కాదిది. నెలల తరబడి, కొవ్వు ఉన్న భోజనంతో కలిపి వాడాలి. మధ్యమధ్యలో లివర్, రక్త పరీక్షలు తప్పనిసరి. ఇంకొంచెం పెద్ద తిత్తి అయితే, మాత్రల రక్షణలో సూదితో నీరు తీసి, పురుగు తలలను చంపే మందు ఎక్కించి, మళ్లీ బయటకు లాగే పద్ధతి ఉంది. బాగా పెద్దవాటికి, లోపల పిల్ల తిత్తులున్నవాటికి ఆపరేషన్ చేస్తారు. సున్నం పట్టి గట్టిపడిన తిత్తిని ఏమీ చేయకుండా స్కానింగ్‌తో గమనిస్తూ ఉంటే చాలు. ఏంటో తేల్చుకోకుండా మాత్రం తిత్తిలో సూది గుచ్చకూడదు.

గొలుసు తెంచేది ఎక్కడ?

కుక్కకు ప్రాజిక్వాంటెల్ అనే మందు ఇస్తే పేగులోని పురుగులు చనిపోతాయి. పురుగు గుడ్లు పెట్టడానికి ఆరు వారాలు పడుతుంది కాబట్టి, వ్యాధి ఉన్న ప్రాంతాల్లో ఆరు వారాలకోసారి ఇవ్వాలి. పశువైద్యుడిని అడిగి ఈ మందు ఉన్న మాత్రే తీసుకోవాలి, ఎందుకంటే అన్ని నట్టల మందులూ దీనిపై పనిచేయవు. ఇది గుడ్లను చంపదు. అందుకే మందు వేశాక రెండు మూడు రోజులు కుక్క మలాన్ని ఎత్తి పాతిపెట్టాలి లేదా కాల్చేయాలి.

అయితే ఈ రోజు మందు వేసిన కుక్క రేపు మళ్లీ తిత్తులున్న కార్జం తింటే కథ మొదటికొస్తుంది. కాబట్టి గొర్రె కోసిన చోటే జాగ్రత్త పడాలి. జాతరైనా, పెళ్లైనా, మంద దగ్గరైనా తిత్తులున్న కార్జం, ఊపిరితిత్తులను కుక్కలు తవ్వలేనంత లోతులో పాతాలి, లేదా కాల్చేయాలి. ముసలి గొర్రెల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తిత్తి నెమ్మదిగా ముదురుతుంది కాబట్టి పురుగు తలలు వాటిలోనే ఎక్కువ.

ఇది జరిగే పనేనా అంటే, ఐస్‌లాండ్ చేసి చూపించింది. 1860ల్లో డెన్మార్క్ పశువైద్యుడు హరాల్డ్ క్రాబె అక్కడ కుక్కలను కోసి పరీక్షిస్తే, నాలుగింట ఒకదానికి పైగా కుక్కల్లో ఈ పురుగు కనిపించింది. కార్జం కుక్కకు ఎందుకు వేయకూడదో వివరించే చిన్న పుస్తకాన్ని ఇంటింటికీ పంచారు. 1869లో కుక్కలపై చట్టం తెచ్చారు. క్రమంగా వ్యాధి అక్కడ కనుమరుగైంది. కుక్కలకు మందు, కార్జం వేయడంపై నిషేధం.. ఈ రెండూ కలిపి అమలు చేసిన న్యూజిలాండ్ కూడా 2002లో వ్యాధి నుంచి బయటపడినట్టు ప్రకటించుకుంది. గొర్రెలకు ఈజీ95 అనే టీకా కూడా ఉంది, చైనా, అర్జెంటీనాల్లో వాడారు. అది గొర్రెను కాపాడుతుంది తప్ప, ఇప్పటికే కుక్కలో ఉన్న పురుగును చంపదు.

మందలు మేపేవాళ్లు, మాంసం దుకాణాల్లో పనిచేసేవాళ్లు, చిన్నప్పటి నుంచి కుక్కలతో పెరిగినవాళ్లు కుడి డొక్కలో బరువుగా ఉంటే గ్యాస్ మాత్రలతో సరిపెట్టుకోకుండా ఒకసారి పొట్ట స్కానింగ్ చేయించుకోవాలి. డాక్టర్‌కు కుక్కలు, గొర్రెల సంగతి కూడా తప్పకుండా చెప్పాలి.